ఎవరేమన్నారు, ఏం తేలింది?

1996లో ‘వరల్డ్ డెవలప్‌మెంట్’ అనే పరిశోధన పత్రికలో కొద్ది నెలల తేడాతో రెండు వ్యాసాలు వచ్చాయి. రెండూ బంగ్లాదేశ్ పల్లెల గురించే. గ్రామీణ్ బ్యాంకు, బ్రాక్ లాంటి సంస్థలు పేద ఆడవాళ్లకు ఇచ్చే చిన్న అప్పుల గురించే రెండూ మాట్లాడాయి. మొదటి వ్యాసం ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్ గుప్తా రాశారు. ఆడవాళ్ల పేరున తీసుకున్న అప్పుల్లో చాలా భాగం నిజానికి భర్తలో, ఇంట్లోని ఇతర మగవాళ్లో వాడుకుంటున్నారని అందులో తేల్చారు. రెండోది సయ్యద్ హషేమీ, సిడ్నీ రూత్ షూలర్, ఆన్ రైలీ రాసింది. ఈ అప్పుల వల్ల ఆడవాళ్లకు ఇంట్లో మాట చెల్లుబడి, బయట తిరిగే స్వేచ్ఛ పెరిగాయని వాళ్లు తేల్చారు.

ఒకే దేశం, ఒకే కాలం, దాదాపు ఒకే రకం అప్పులు. జవాబులు మాత్రం చెరోవైపు. పొదుపు సంఘాల మీద పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థిని ఈ రెండింటినీ చదివిందనుకుందాం. ఇప్పుడు ఆమె ఏం రాయాలి? ఆమె రాసేది వివరణాత్మక గ్రంథసూచి అయితే ఒక రకంగా రాయాలి, పూర్వ పరిశోధనల సమీక్ష అయితే మరో రకంగా రాయాలి. మన విశ్వవిద్యాలయాల్లో సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో రెండో అధ్యాయం సాధారణంగా ఈ సమీక్షే. పేరు సమీక్షే అయినా, తెరిచి చూస్తే చాలాసార్లు లోపల కనిపించేది గ్రంథసూచి. ఈ తేడా ఎక్కడుందో పై రెండు వ్యాసాలనూ, వాటి చుట్టూ పెరిగిన మరికొన్ని పరిశోధనలనూ పట్టుకుని చూద్దాం.

ముందు గ్రంథసూచి సంగతి. ఇంగ్లిష్ చదువుల్లో దీన్ని అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ అంటారు. ఒక్కో పుస్తకానికీ, ఒక్కో వ్యాసానికీ పూర్తి వివరాలు రాసి, దాని కింద నూరు నూట యాభై మాటల్లో ఒక పేరా ఇస్తారు. ఆ రచయిత అడిగిన ప్రశ్న ఏమిటి, ఎవరి దగ్గర, ఎలా సమాచారం సేకరించారు, ఏం తేలింది, లోపం ఎక్కడుంది, మన పనికి ఎంతవరకు ఉపయోగం అన్నవి అందులో ఉంటాయి. హషేమీ బృందం వ్యాసానికి అలాంటి పేరా ఇలా ఉండొచ్చు:

‘గ్రామీణ్ బ్యాంకు, బ్రాక్ అప్పులు పొందిన మహిళల సాధికారతపై అధ్యయనం. పల్లెల్లో మకాం ఉండి చేసిన పరిశీలనకు ఇంటింటి సర్వేను జోడించారు. సాధికారతను ఎనిమిది సూచికలతో కొలిచారు. బయట తిరిగే స్వేచ్ఛ, సొంతంగా చేసే చిన్నా పెద్దా కొనుగోళ్లు, ఇంటి నిర్ణయాల్లో పాలు, ఆర్థిక భద్రత, చట్టాలూ రాజకీయాల గురించిన ఎరుక వంటివి అందులో ఉన్నాయి. అప్పు కార్యక్రమంలో చేరడం ఈ సూచికలను పెంచిందని నిర్ధారించారు. సాధికారతను విడివిడి అంశాలుగా ఎలా కొలవాలో తెలుసుకోవడానికి ఉపయోగం.’

ఇది మంచి పేరానే. శ్రద్ధగా చదివితే తప్ప ఇలా రాయలేరు. కానీ దీని పక్కన గెట్జ్, సేన్ గుప్తా పేరా ఉందో లేదో దీనికి పట్టదు. గ్రంథసూచిలో ప్రతి పేరా తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. అక్షరక్రమంలో అమర్చుతారు కాబట్టి ఏ వ్యాసం పక్కన ఏది వస్తుందో నిర్ణయించేది రచయిత ఇంటిపేరు మాత్రమే. ఒక వ్యాసం గురించి తెలుసుకోవాలని వచ్చిన పాఠకుడికి అది చాలు. ఆ పాఠకుడు ‘ఇంతకీ అప్పు వల్ల ఆడవాళ్ల మాటకు విలువ పెరిగిందా?’ అని అడిగితే మాత్రం గ్రంథసూచి దగ్గర జవాబు లేదు. అతను పేరాలన్నీ చదువుకుని తనే తేల్చుకోవాలి.

ఆ తేల్చే పనే సమీక్ష. గ్రంథసూచిలో ఒక్కో వ్యాసం ఏం చెప్పిందో ఉంటుంది. సమీక్షలో ఒక్కో ప్రశ్న గురించి ఇప్పటిదాకా ఏం తెలిసింది, ఎంత గట్టిగా తెలిసింది, ఎక్కడ తగువుంది, ఏది ఇంకా ఎవరూ చూడలేదు అన్నవి ఉంటాయి.

ఇక మన రెండో అధ్యాయాల్లో తరచూ కనిపించే రూపం చూద్దాం. ‘గెట్జ్, సేన్ గుప్తా (1996) బంగ్లాదేశ్‌లో అప్పుల మీద అదుపు ఎవరిదో అధ్యయనం చేశారు. మహిళల అప్పుల్లో చాలా భాగం మగవాళ్లు వాడుకున్నారని కనుగొన్నారు. హషేమీ తదితరులు (1996) సాధికారతను అధ్యయనం చేశారు. అప్పు వల్ల సాధికారత పెరిగిందని కనుగొన్నారు. కబీర్ (2001) మహిళల అనుభవాలను అధ్యయనం చేశారు...’ ఇలా పేజీలకు పేజీలు సాగుతుంది. ఇందులో ఒక్క తప్పు వాక్యం కూడా లేదు. కానీ రెండో వాక్యానికీ నాలుగో వాక్యానికీ మధ్య ఉన్న వైరుధ్యం అలాగే పడి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ‘అధ్యయనం చేశారు, కనుగొన్నారు’ అనే జంట మాత్రం తిరిగి తిరిగి వస్తోంది. గ్రంథసూచిలోని పేరాలను కుదించి, అక్షరక్రమం బదులు సంవత్సరాల క్రమంలో పేర్చితే వచ్చేది ఇదే.

కోర్టు తీర్పు రాసే పద్ధతిని ఒకసారి తలచుకోండి. సివిల్ దావాలో న్యాయమూర్తి ముందుగా తేల్చాల్సిన అంశాలను రాసుకుంటారు. దస్తావేజు నిజమైనదేనా, స్వాధీనం ఎవరిది, దావా గడువులోపలే వేశారా, ఇలా. తీర్పు ఆ అంశాల వరుసలో నడుస్తుంది. ఒకే సాక్షి మొదటి అంశంలోనూ రావచ్చు, మూడో అంశంలోనూ రావచ్చు. ఎక్కడ వచ్చినా ఆ అంశానికి పనికొచ్చే మాట వరకే అతని సాక్ష్యాన్ని తీసుకుంటారు. సాక్షులు చెప్పిందంతా ఒకరి తరవాత ఒకరిగా రాసి ఊరుకుంటే అది వాంగ్మూలాల కట్ట అవుతుంది కానీ తీర్పు కాదు.

సమీక్షను విషయాల వారీగా అమర్చడమంటే ఇదే. అయితే ఆ విషయాలు ఎక్కడి నుంచి వస్తాయి? విద్యార్థులు చిక్కుకునేది ఇక్కడే. ముందే నాలుగు శీర్షికలు రాసుకుని, వ్యాసాలను వాటి కిందికి తోసేస్తారు. విషయాలు చదివినదాన్లోంచి పుట్టాలి. అందుకు అందరూ వాడే సాధనం ఒక పట్టిక. పెద్ద కాగితమైనా సరే, కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటైనా సరే. ఒక్కో వ్యాసానికి ఒక అడ్డు వరుస. నిలువు గడుల్లో ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని అడిగారు, దేన్ని కొలిచారు, దేనితో పోల్చారు, ఏం తేలింది అని రాసుకోవాలి. ఈ పట్టికను అడ్డంగా చదివితే గ్రంథసూచి వస్తుంది. నిలువుగా, ఒక్కో గడిని పైనుంచి కిందిదాకా చదివితే సమీక్ష మొదలవుతుంది.

మన విద్యార్థిని పట్టికలో ‘దేన్ని కొలిచారు’ అన్న గడిని పైనుంచి కిందికి చదువుదాం. గెట్జ్, సేన్ గుప్తా చూసింది అప్పు సొమ్ము ఎవరి చేతుల్లో ఉంది, దాంతో నడిచే పనిని ఎవరు నడిపిస్తున్నారు అన్నది. హషేమీ బృందం చూసింది అప్పు తీసుకున్న ఆడమనిషి బయటికి వెళ్తోందా, కొనుగోళ్లు చేస్తోందా, ఇంటి నిర్ణయాల్లో మాట కలుపుతోందా అన్నది. నైలా కబీర్ 2001లో అదే పత్రికలో రాసిన వ్యాసంలో అప్పు తీసుకున్న ఆడవాళ్లనే అడిగి, ఈ అప్పు వల్ల వాళ్లు దేన్ని లాభంగా ఎంచుతున్నారో విన్నారు. సుప్రియ గరికిపాటి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని పొదుపు సంఘాల మీద రాసిన వ్యాసంలో రెండు సంగతులను విడదీశారు. గడ్డుకాలంలో ఇల్లు నిలదొక్కుకుందా అన్నది ఒకటి, ఆ ఇంట్లో ఆడమనిషి స్థితి మెరుగుపడిందా అన్నది మరొకటి.

ఇలా నిలువుగా చదివేసరికి 1996 నాటి వైరుధ్యం సగం విడిపోతుంది. వాళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పలేదు. ఒకరు సొమ్ము మీద అదుపును చూశారు, మరొకరు మనిషి జీవితంలో వచ్చిన మార్పును చూశారు. సొమ్ము భర్త చేతికి వెళ్లినా, ఆ సొమ్ము ఇంటికి తన ద్వారా వచ్చింది కాబట్టి భార్య మాటకు కాస్త బరువు రావచ్చు. ఇప్పుడు విద్యార్థిని రాసే పేరా ఇలా మారుతుంది:

‘అప్పు మహిళల స్థితిని మెరుగుపరిచిందా అన్న ప్రశ్నకు వచ్చిన భిన్నమైన జవాబులకు ముఖ్య కారణం, పరిశోధకులు సాధికారతను భిన్నంగా నిర్వచించుకోవడం. సొమ్ము మీద అదుపును కొలబద్దగా తీసుకున్నప్పుడు ఫలితం నిరాశగా ఉంది (గెట్జ్, సేన్ గుప్తా 1996). బయట తిరగడం, కొనుగోళ్లు, నిర్ణయాల్లో పాలు వంటి సూచికలతో చూసినప్పుడు మెరుగుదల కనిపించింది (హషేమీ తదితరులు 1996). ఈ వైరుధ్యాన్ని నేరుగా చర్చించిన కబీర్ (2001), ఇంట్లో అధికారం ఎలా పనిచేస్తుందన్న దానిపై పరిశోధకుల అవగాహనల్లోనే తేడా ఉందని వాదించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం ఈ చర్చకు మరో మలుపు ఇస్తుంది. అప్పు ఇంటిని ఆదుకున్నా, అది కుటుంబ ఆస్తుల్లోకి, ఆదాయంలోకి వెళ్లిపోవడం, ఆ ఆస్తుల్లో మహిళలకు వాటా లేకపోవడం వల్ల వాళ్ల స్థితి మారలేదని గరికిపాటి (2008) చూపారు. అంటే ఇంటి మేలునూ ఇల్లాలి మేలునూ ఒకే కొలతతో కొలవలేం.’

ఈ పేరాలో రచయితల పేర్లన్నీ ఉన్నాయి. అయితే అవి కుండలీకరణాల్లోకో, వాక్యం చివరికో జరిగాయి. వాక్యానికి కర్తగా విషయం వచ్చింది. మొదటి వాక్యం ఏ ఒక్క వ్యాసంలోంచీ ఎత్తి రాసింది కాదు. అది ఈ విద్యార్థిని తేల్చిన మాట. ఆఖరి వాక్యం ఆమె పరిశోధనకు దారి వేస్తోంది. రేపు తన ఊళ్లో సర్వే చేసేటప్పుడు ఇంటి ఆదాయం గురించి ఒక ప్రశ్నల వరుస, ఆస్తి ఎవరి పేరున ఉందన్న దాని మీద మరో వరుస తయారు చేసుకోవాలని ఆమెకు ఇప్పటికే తెలిసింది.

విషయాల వారీగా రాయమన్నారని కాలక్రమాన్ని పూర్తిగా వదిలేయనక్కర్లేదు. ఒక విషయం లోపల వాదప్రతివాదాలు జరిగి ఉంటే సంవత్సరాల వరుసే సరైన దారి. అప్పు వల్ల ఇంటి ఖర్చు స్తోమత పెరిగిందా అన్న అంశం అలాంటిది. మార్క్ పిట్, షాహిదుర్ ఖండ్కర్ 1998లో బంగ్లాదేశ్ ఇళ్ల సర్వేను విశ్లేషించి, ఆడవాళ్లకు ఇచ్చిన ప్రతి నూరు టాకాల అప్పుకు ఆ ఇంటి వార్షిక వినియోగం 18 టాకాలు పెరిగిందనీ, మగవాళ్లకు ఇస్తే 11 టాకాలే పెరిగిందనీ లెక్కగట్టారు. ఆ లెక్క చాలాకాలం చిన్న అప్పులకు అనుకూలంగా చెప్పే వాదనల్లో చలామణి అయింది. అదే సర్వే సమాచారం తీసుకుని జొనాథన్ మోర్డక్ అంత ప్రభావం కనిపించడం లేదన్నారు. తరవాత డేవిడ్ రూడ్‌మన్‌తో కలిసి అదే లెక్కను తిరగేసి చేసి, 2014లో అచ్చైన వ్యాసంలో ఆ ఫలితం నిలవదని వాదించారు. పిట్ దానికి తన జవాబు ఇచ్చారు. ఈ కథను వరుసలో కాకుండా చెబితే అర్థం కాదు. విమర్శ ఒక్కటే చదివి, దానికి వచ్చిన జవాబు చదవకుండా రాస్తే అన్యాయం అవుతుంది.

ఈ అంశంలోనే హైదరాబాద్ వస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెన్నర్‌స్టర్, సింథియా కిన్నన్ చేసిన అధ్యయనం నగరంలోని 104 బస్తీల్లో జరిగింది. వాటిలో లాటరీ పద్ధతిన ఎంచిన 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. మిగతావాటిలో అప్పటికి తెరవలేదు. తరవాత రెండు రకాల బస్తీల ఇళ్లనూ పోల్చి చూశారు. సైకిళ్లు, టీవీల వంటి మన్నికైన వస్తువుల మీద, చిన్న వ్యాపారాల మీద పెట్టుబడి పెరిగింది. మొత్తం వినియోగంలో తేడా కనిపించలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో మహిళల నిర్ణయాధికారంలోనూ కనిపించలేదు. 2015లో అచ్చైన ఈ వ్యాసాన్ని రాసేటప్పుడు చాలామంది ‘అప్పు వల్ల మార్పు లేదని తేలింది’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. సమీక్షకుడు అక్కడ ఆగకూడదు. కొత్త శాఖలు తెరిచిన బస్తీల్లో కూడా సూక్ష్మరుణం తీసుకున్న ఇళ్లు నాలుగో వంతుకు కొంచెం మించి మాత్రమే. శాఖలు తెరవని బస్తీల్లోనూ ఇతర సంస్థల నుంచి తీసుకున్నవాళ్లున్నారు. కాబట్టి ఈ అధ్యయనం చెప్పేది ఒక బస్తీలో అప్పు అందుబాటులోకి వస్తే సగటున ఏమవుతుంది అన్నది. అప్పు తీసుకున్న ఒక ఇల్లాలి జీవితంలో ఏమైంది అన్న కబీర్ ప్రశ్నకు ఇది సూటి జవాబు కాదు. పైగా అవి బంగ్లాదేశ్ పల్లెలు, ఇవి హైదరాబాద్ బస్తీలు.

అందుకే ఓట్లు లెక్కపెట్టడం సమీక్ష కాదు. ‘ఏడు అధ్యయనాల్లో నాలుగు అనుకూలం, మూడు ప్రతికూలం’ అని రాస్తే పాఠకుడికి ఏదో తేలినట్టు అనిపిస్తుంది. వేర్వేరు కొలతలతో, వేర్వేరు చోట్ల చేసిన పనులను ఒకే డబ్బాలో వేసి లెక్కపెట్టామన్న సంగతి అందులో కనిపించదు.

పట్టిక వల్ల మరో పెద్ద లాభం ఖాళీ గడులు. పై వ్యాసాలన్నీ అప్పు ఊళ్లోకి వస్తే ఏమవుతుందో చూశాయి. ఉన్న అప్పు ఒక్కసారిగా ఆగిపోతే? ఆ గడి ఇంచుమించు ఖాళీ. ఆ ఖాళీకి కూడా మన నేలే సందర్భం ఇచ్చింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లూ, కొత్త అప్పులూ దాదాపు నిలిచిపోయాయి. ఇక్కడ నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించుకోవాల్సి వచ్చింది. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ 2021లో అచ్చైన వ్యాసంలో దీన్నే పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ బయట, ఈ సంస్థల మీద ఎక్కువగా ఆధారపడిన జిల్లాల్లో కూలి రేట్లు, ఇళ్ల వినియోగం తగ్గాయని చూపారు. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలిందన్నమాట. హైదరాబాద్ ఫలితం పక్కన దీన్ని పెట్టి ఆలోచించడం పేర్ల వరుసలో కుదరదు. అందులో ఒకటి 2015 దగ్గర, మరొకటి 2021 దగ్గర విడివిడిగా ఉండిపోతాయి. ‘ఇంటి మీద ప్రభావం, ఊరి మీద ప్రభావం’ అనే శీర్షిక కింద రెండూ ఎదురెదురుగా కూర్చుంటాయి.

శీర్షికలు పెట్టినంత మాత్రాన పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. ‘సాధికారత’, ‘ఆదాయం’, ‘విద్య’ అని మూడు శీర్షికలు పెట్టి, ఒక్కోదాని కింద మళ్లీ ‘ఫలానావారు అధ్యయనం చేశారు, కనుగొన్నారు’ అని రాసుకుపోతే అది మూడు చిన్న గ్రంథసూచులు. శీర్షిక ఒక్క మాటగా ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. ‘సొమ్ము ఎవరి చేతుల్లో ఉంటుంది’ అని ప్రశ్నగా పెట్టుకుంటే, దాని కింద రాసే ప్రతి వాక్యం జవాబు వైపు నడవాల్సి వస్తుంది. ఒక వ్యాసం ఒకే శీర్షిక కింద ఉండాలన్న నియమం కూడా లేదు. గరికిపాటి వ్యాసం సాధికారత దగ్గరా రావచ్చు, ఇంటి భద్రత దగ్గరా రావచ్చు.

రాసింది ఏ జాతిదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, ప్రతి పేరాలో తొలి వాక్యం కింద గీత గీసి, ఆ వాక్యాలను మాత్రమే వరుసగా చదవడం. అవి ఒక వాదనలా వినిపిస్తే సమీక్ష. పేర్లూ సంవత్సరాలూ మాత్రమే వినిపిస్తే గ్రంథసూచి. రెండోది, పేరాల క్రమాన్ని తారుమారు చేసి చూడడం. మూడో పేరాను ఏడో చోటికి మార్చినా ఏ నష్టమూ లేదంటే వాటి మధ్య అసలు సంబంధమే కట్టలేదన్నమాట.

ఇదంతా చదివి గ్రంథసూచి తక్కువ పని అనుకోవద్దు. అందులో రాసుకున్న పేరాలే పట్టికకు ముడిసరుకు. అవి సరిగా లేకపోతే, ముఖ్యంగా ‘దేన్ని కొలిచారు’ అన్నది రాసుకోకపోతే, సమీక్ష రాసే రోజున వ్యాసాలన్నీ మళ్లీ తెరవాల్సి వస్తుంది. ఒక అంశం మీద ఏమేం వచ్చాయో ఇతర పరిశోధకులకు చూపాలనుకునే గ్రంథాలయానికి గ్రంథసూచే కావాలి. చదివినవి మూడు నాలుగు వ్యాసాలే అయినప్పుడు బలవంతంగా విషయాలు సృష్టించడం కంటే ఒక్కోదాన్నీ వివరంగా చెప్పడమే మేలు.

రెండో అధ్యాయం పట్టుకొచ్చిన విద్యార్థిని ఎన్ని వ్యాసాలు చదివావని అడగడం మన గైడ్లకు అలవాటు. దానికి తోడు మరో ప్రశ్న కూడా అడగండి: వీళ్లకు ఎక్కడ పడలేదు, ఎందుకు పడలేదు? దానికి విద్యార్థి నోటితో చెప్పే జవాబును అక్కడే కాగితం మీద రాయించండి. అధ్యాయం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.